పుల్లల కట్టలు (స్థాన విలువ ఆట)

రెండో తరగతి పిల్లలకు, అంటే ఏడేళ్ల వాళ్లకు, రెండంకెల సంఖ్యలో ఏ అంకె ఎంత విలువ చేస్తుందో తెలియజెప్పే ఆట. ఇందులో పనులు రెండే. పది విడి పుల్లలు చేరగానే కట్ట కట్టాలి, కావలసినప్పుడు ఆ కట్టను విప్పాలి. ప్రథమ్ సంస్థ ప్రాథమిక గణిత బోధనలో పుల్లల కట్టలను చాలాకాలంగా వాడుతోంది.

పుల్లలు

2022 జులై 1 నుంచి దేశంలో ప్లాస్టిక్ స్ట్రాలపై నిషేధం ఉంది. కాగితపు స్ట్రాలు రబ్బరు బ్యాండు బిగిస్తే నలిగిపోతాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతంలో ఇంతకన్నా మంచి సరుకు ఇంటింటా ఉంది: పొరక పుల్లలు, కొబ్బరి ఈనెలు. వీటిని జానెడు కన్నా పొట్టిగా, అన్నీ ఒకే పొడవుకు విరుచుకోవాలి. పది పుల్లలు పిల్లవాడి పిడికిట్లో ఇమడాలి. కట్టడానికి రబ్బరు బ్యాండ్లు మేలు. దారమైతే ముడి విప్పడం కష్టమై, పిల్లలు ఆ పని పెద్దవాళ్లకు అప్పజెబుతారు. అక్కడే ఆట చెడుతుంది.

చింతపండు మార్కెట్‌కు పేరుపడ్డ హిందూపురంలో చింతపిక్కలకు కొదవ లేదు. లెక్కించడానికి అవి బాగుంటాయి గానీ ఈ ఆటకు పనికిరావు. పది పిక్కలను ఒక్కటిగా కట్టలేం కదా.

ఆట

నేల మీద సుద్దతో ఒక్కో పిల్లవాడికి రెండేసి గళ్లు గీస్తారు. ఎడమ గడి పదులకు, కుడి గడి ఒకట్లకు. ఇద్దరు పిల్లలు వంతులవారీగా రెండు పాచికలు వేసి, పడ్డన్ని పుల్లలు కుడి గడిలో పెట్టుకుంటారు. ముందుగా యాభైకి చేరినవాళ్లది గెలుపు. ఒకసారికి సగటున ఏడు పడుతుంది కాబట్టి ఏడెనిమిది వంతుల్లో ఆట ముగుస్తుంది. వంద దాకా ఆడిస్తే ఏడేళ్ల వాళ్లకు ఓపిక చాలదు.

ఒక అమ్మాయి దగ్గర రెండు కట్టలు, ఏడు విడి పుల్లలు ఉన్నాయనుకుందాం. పాచికలు 5, 3 పడ్డాయి. ఎనిమిది కలిపితే కుడి గడిలో పదిహేను పుల్లలయ్యాయి. అందులోంచి పది లెక్కపెట్టి, కట్టి, ఎడమ గడిలోకి జరిపింది. ఇప్పుడు మూడు కట్టలు, ఐదు పుల్లలు: 35. పలకమీద ఆ సంఖ్య రాసింది.

తర్వాతి రోజు తిరుగు ఆట ఆడించాలి. ఇందులో పడ్డన్ని పుల్లలు తీసేయాలి. అదే 35 దగ్గర మళ్లీ ఎనిమిది పడితే విడి పుల్లలు ఐదే ఉన్నాయి, చాలవు. ఒక కట్ట విప్పితే పదిహేను అవుతాయి. ఎనిమిది తీస్తే ఏడు మిగిలి, 27 తిరిగొస్తుంది. తీసివేతలో ‘అప్పు’ అని నేర్పేదంతా ఈ కట్ట విప్పడమే. చాలా తరగతుల్లో కట్టడం మాత్రం ఆడించి విప్పడం వదిలేస్తారు. అలా ఆడితే సగం పాఠమే అవుతుంది.

టీచరు ముందే కట్టి ఇచ్చిన కట్టలతో ఆడితే ఫలితం తక్కువ. తాను లెక్కపెట్టి కట్టనిది పిల్లవాడికి ఒక వస్తువే తప్ప పది కాదు.

పొరపాట్లు

తొమ్మిదికో పదకొండుకో కట్ట కట్టేయడం మామూలే. పక్కవాళ్లు విప్పి సరిచూసే నియమం పెడితే అది సర్దుకుంటుంది. రెండు కట్టలు, ఏడు పుల్లలు చూసి 207 అని రాసే పిల్లలుంటారు. ఇరవై అని విని 20, ఏడు అని విని 7 వరుసగా రాస్తారన్నమాట. నాలుగు కట్టలుండి విడి పుల్ల లేనప్పుడు ఉత్త 4 రాసేవాళ్లూ ఉంటారు. వాళ్లకు ఖాళీగా ఉన్న కుడి గడిని చూపి, అక్కడ సున్నా రాయించాలి.

హిందూపురం వంటి చోట్ల ఇంట్లో కన్నడమో ఉర్దూవో మాట్లాడే పిల్లలు తెలుగు బడికి వస్తారు. కన్నడ పిల్లలకు ఇబ్బంది లేదు: ఇప్పత్తేళు అన్నా ఇరవై ఏడు అన్నా పదులే ముందు. ఉర్దూ సత్తాయీస్‌లో ఏడు ముందొస్తుంది. ఆ పిల్లలు 27ను 72గా రాస్తే తెలివితక్కువతనం అనుకోకూడదు. ముందు ఎడమ గడిలో కట్టలు పెట్టించి, తర్వాత రాయించాలి.

అర్థమైందో లేదో తెలుసుకోవడానికి గణిత విద్యా పరిశోధకురాలు కాన్‌స్టన్స్ కామీ ఒక పరీక్ష ప్రసిద్ధం చేశారు. పదహారు వస్తువులిచ్చి, 16 అని రాసి, ఆరును చూపి ‘ఇది ఎన్ని?’ అంటే పిల్లవాడు ఆరు చూపుతాడు. ఒకటిని చూపి అడిగితే చాలామంది ఒక్క వస్తువే చూపుతారు. మిగిలిన తొమ్మిది ఏమయ్యాయని అడిగినా తడబడరు. అలాంటి పిల్లవాడు కట్టలాట గెలిచినా ఇంకొన్ని రోజులు ఆడాల్సిందే.

పరిమితి

కట్టను కుడి గడిలో పెట్టినా అందులో పది పుల్లలే ఉంటాయి. పుల్లలకు స్థానంతో పనిలేదు, అంకెలకే పని. అందుకే ప్రతి వంతు తర్వాత పలకమీద రాయించకపోతే పుల్లలు ఒకవైపు, అంకెలు ఒకవైపు మిగిలిపోతాయి. పది కట్టలు కలిపి వంద మోపు ఒక్కసారైనా కట్టించి చూపాలి. ఆ పైన పుల్లలు మోయలేం. అప్పుడు ఆట నోట్లకు మారాలి. పది రూపాయల నోటును విప్పలేం, పది రూపాయి బిళ్లలకు మార్చుకోవాలి. చింతపిక్కలు అక్కరకొచ్చేదీ అప్పుడే: పది పిక్కలకు బదులు ఒక గులకరాయి.