రేఖాపటం సరే, కారణం ఎక్కడ? మద్దతు ధర వ్యాసాన్ని దిద్దేటప్పుడు చూడాల్సినవి

‘సమతౌల్య ధర కంటే ఎక్కువగా ప్రభుత్వం కనీస మద్దతు ధర నిర్ణయిస్తే మార్కెట్‌లో ఏం జరుగుతుంది? రేఖాపటంతో వివరించండి.’ ప్లస్ టూ నుంచి డిగ్రీ దాకా అర్థశాస్త్రం చదివేవారికి ఏదో ఒక రూపంలో ఎదురయ్యే ప్రశ్న ఇది. జవాబు పత్రాలు దిద్దేవారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది పటం తప్పుగా గీసిన విద్యార్థి కాదు. ఆ తప్పు కంటికి కనిపిస్తుంది, మార్కు తగ్గుతుంది, అక్కడితో అయిపోతుంది. పటం చక్కగా గీసి, దాని కింద రెండు పేరాలు రాసి, ఆ రెండు పేరాల్లోనూ ఏమీ వివరించని వ్యాసంతోనే చిక్కు. పటం మీద కలిగిన మంచి అభిప్రాయం తెలియకుండానే కింది రాతకు కూడా మార్కులు వేయిస్తుంది.

అలాంటి ఒక జవాబును ఊహించుకోవచ్చు. విద్యార్థి నిలువు అక్షం మీద ధర, అడ్డ అక్షం మీద పరిమాణం గుర్తించాడు. కిందికి వాలే డిమాండ్ రేఖ, పైకి లేచే సప్లయి రేఖ గీశాడు. అవి క్వింటాలుకు రూ.2,000 ధర దగ్గర, 50 లక్షల క్వింటాళ్ల వద్ద ఖండించుకున్నాయి. దానికి పైన రూ.2,400 దగ్గర మద్దతు ధర గీత. ఆ ధరకు కొనుగోలుదారులు కోరేది 42 లక్షల క్వింటాళ్లు, రైతులు అమ్మకానికి తెచ్చేది 62 లక్షలు. మధ్యలో 20 లక్షల మిగులు. గీతలు, గుర్తులు, అంకెలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

కింద ఇలా రాశాడు: ‘పటంలో చూపినట్లు సమతౌల్య ధర రూ.2,000. ప్రభుత్వం మద్దతు ధరను రూ.2,400గా నిర్ణయించింది. ధర పెరగడంతో సప్లయి పెరిగి 62కు చేరింది. డిమాండ్ తగ్గి 42కు చేరింది. అందువల్ల 20 లక్షల క్వింటాళ్ల మిగులు ఏర్పడింది. దీనివల్ల రైతులకు లాభం కలిగింది.’

ఈ ఆరు వాక్యాల్లో మొదటి అయిదూ పటాన్ని పైకి చదవడమే. గీతల్లో ఉన్నదాన్ని మాటల్లోకి మార్చాడు తప్ప కొత్తగా చెప్పిందేమీ లేదు. పటానికి అప్పటికే మార్కులు ఇచ్చారు కాబట్టి అదే సమాచారానికి రెండోసారి ఇవ్వనక్కర్లేదు. ఆరో వాక్యం మాత్రం పటంలో లేని విషయం. కానీ అది పై వాక్యాల నుంచి రాదు. పటాన్ని బట్టి 20 లక్షల క్వింటాళ్లు కొనేవాడు లేడు. అమ్ముడుపోని ధాన్యం రైతుకు లాభం ఎలా తెచ్చిందో వ్యాసం చెప్పదు.

అసలు లోపం మూడో వాక్యంలో ఉంది. ‘ధర పెరగడంతో’ అని రాశాడు. ప్రభుత్వం ప్రకటించినంత మాత్రాన మార్కెట్‌లో ధర పెరగదు. మిగులు ఉన్నచోట సాధారణంగా ధర దిగుతుంది. సరుకు మిగిలిపోయిన రైతు దాన్ని ఇంటికి మోసుకెళ్లడం కంటే వంద తగ్గించుకుని అమ్మడానికే సిద్ధపడతాడు, పక్క రైతు ఇంకో వంద తగ్గిస్తాడు, వ్యాపారి వేచి చూస్తాడు. ఇలా దిగుతూ దిగుతూ ధర మళ్లీ రూ.2,000కు చేరాలి. అలా చేరకుండా రూ.2,400 దగ్గర ఆపుతున్నది ఏమిటన్నదే ఈ ప్రశ్నకు ప్రాణం. దానికి జవాబు లేని వ్యాసంలో యంత్రాంగమే లేదు.

ఆపగలిగేవి రెండు. ఒకటి, అంతకు తక్కువకు కొనడం నేరమని చెప్పే చట్టం. రెండు, ఆ ధరకు ఎంత తెచ్చినా కొంటానని నిలబడే కొనుగోలుదారు. రెండింటికీ పటం ఒక్కటే, ఒక్క గీత కూడా మారదు. ఫలితాలు మాత్రం చాలా దూరంగా ఉంటాయి. విద్యార్థి వేసిన అంకెలతోనే లెక్క కడితే ఈ తేడా తెలుస్తుంది.

మద్దతు ధర లేనప్పుడు రైతుల రాబడి 50 లక్షల క్వింటాళ్లకు రూ.2,000 చొప్పున రూ.1,000 కోట్లు. ప్రభుత్వం మిగులు మొత్తం కొంటే 62 లక్షల క్వింటాళ్లూ రూ.2,400కు అమ్ముడవుతాయి, రాబడి రూ.1,488 కోట్లు. ఇందులో రూ.1,008 కోట్లు మార్కెట్ కొనుగోలుదారుల నుంచి, మిగతా రూ.480 కోట్లు ఖజానా నుంచి వచ్చినవి. రైతుకు లాభమన్న మాట ఇక్కడ నిజమే, కానీ ఆ లాభాన్ని ఎవరు భరించారో కూడా చెప్పాలి.

ప్రభుత్వం ఏమీ కొనకుండా చట్టం మాత్రమే తెచ్చి, దాన్ని అందరూ పాటించారనుకుంటే, అమ్ముడయ్యేది 42 లక్షల క్వింటాళ్లే. రాబడి రూ.1,008 కోట్లు, అంటే ముందుకంటే పెరిగింది రూ.8 కోట్లు. పండించిన ఖర్చు మాత్రం 62 లక్షల క్వింటాళ్లది. అమ్ముకోగలిగిన రైతు బాగుపడ్డాడు, అమ్ముకోలేని రైతు మునిగాడు. ‘రైతులకు లాభం’ అనే రెండు మాటల్లో ఈ ఇద్దరూ కలిసిపోయారు.

మూడో పరిస్థితి ఇంకా ఆసక్తికరం, భారతదేశపు వాస్తవానికి దగ్గరగా ఉండేది కూడా అదే. మద్దతు ధర వస్తుందన్న నమ్మకంతో రైతులు 62 లక్షల క్వింటాళ్లు పండించారు. ప్రభుత్వం 8 లక్షలు మాత్రమే కొని ఆపేసింది. కోత అయిపోయింది కాబట్టి పంటను తగ్గించే వీల్లేదు. మిగిలిన 54 లక్షల క్వింటాళ్లు బహిరంగ మార్కెట్‌లోకి వస్తాయి. విద్యార్థి గీసిన డిమాండ్ రేఖ మీద ధర రూ.100 పెరిగితే కొనుగోలు 2 లక్షల క్వింటాళ్లు తగ్గుతోంది. ఆ లెక్కన 54 లక్షలు అమ్ముడుపోవాలంటే ధర రూ.1,800కు దిగాలి. అంటే మద్దతు ధర ప్రకటించక ముందున్న ధర కంటే రూ.200 తక్కువ. గోదాములోకి వెళ్లిన 8 లక్షల క్వింటాళ్లు తిరిగి మార్కెట్‌కు రాలేదనుకుని కట్టిన లెక్క ఇది. అదే ధాన్యం బియ్యంగా మారి రేషన్ దుకాణాలకు చేరితే బయటి డిమాండ్ కొంత తగ్గుతుంది, ధర మరింత దిగే వీలుంది. పాఠ్యపుస్తకపు పటంలో ఇవేవీ కనిపించవు.

ప్రశ్న భారతదేశపు మద్దతు ధర గురించే కాబట్టి, విద్యార్థి ఏ యంత్రాంగం గురించి రాస్తున్నాడో చెప్పక తప్పదు. వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ సిఫారసు మీద కేంద్రం మద్దతు ధరలు ప్రకటిస్తుంది. వాటికి చట్టబద్ధత లేదు. 2020-21 రైతు ఉద్యమంలో చట్టబద్ధ హామీ ప్రధాన డిమాండ్లలో ఒకటి కావడానికి కారణం ఇదే. వరి, గోధుమల ధరను నిలబెడుతున్నది భారత ఆహార సంస్థ, రాష్ట్ర సంస్థలు చేసే కొనుగోళ్లు. మద్దతు ధరకు ప్రభుత్వ సంస్థలకు అమ్మగలుగుతున్న రైతులు దేశంలో 6 శాతమేనని 2015లో శాంతకుమార్ కమిటీ నివేదిక చెప్పింది. తెలంగాణలో ఐకేపీ కేంద్రంలో గానీ, సహకార సంఘం కేంద్రంలో గానీ ధాన్యం కుప్ప పోసిన రైతుకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. తేమ 17 శాతం దాటితే తూకం ఆగుతుంది, గన్నీ సంచులు రాకపోతే ఆగుతుంది, వాన మబ్బు కనిపిస్తే పచ్చి ధాన్యాన్ని తక్కువ ధరకు వ్యాపారికో మిల్లుకో అప్పగించాల్సి వస్తుంది. కొనేవాడు తప్పుకున్న చోట ధర గీత కాగితం మీదే మిగులుతుంది.

ఇంతా వ్యాసంలో రాయాలని ఎవరూ ఆశించరు. పది మార్కుల ప్రశ్నకు నాలుగు వాక్యాల కారణం చాలు. ఎంత పొడవు రాశాడన్నది కాక, ఒక వాక్యం నుంచి తర్వాతి వాక్యానికి ఎలా వెళ్లాడన్నది చూడాలి. అందుకు పనికొచ్చే పద్ధతి ఒకటుంది. పటాన్ని చేత్తో మూసి, కింది రాతను మాత్రమే చదవాలి. ఎవరు ఏం చూసి ఏం చేశారు, దానివల్ల తర్వాతివాడు ఏం చేశాడన్నది ఆ రాతలోంచే తెలుస్తోందా? రైతు, వ్యాపారి, ప్రభుత్వ సంస్థ కనిపిస్తున్నారా, లేక ‘ధర’, ‘సప్లయి’, ‘డిమాండ్’ వాటంతట అవే కదులుతున్నాయా? పై జవాబులో మనుషులు చేసిన పని ఒక్కటే ఉంది: ‘ప్రభుత్వం నిర్ణయించింది’. ఈ పరీక్ష కృత్రిమమైనదేమీ కాదు. సీబీఎస్ఈ పరీక్షల్లో చూపులేని అభ్యర్థులకు పటం ప్రశ్న బదులు మాటల్లో వివరించే ప్రశ్న ఇస్తారు. అదే విషయాన్ని గీత లేకుండా చెప్పవచ్చన్నమాట.

‘సప్లయి పెరిగింది’ అన్న మాట దగ్గర కూడా కాస్త ఆగాలి. పటంలో సప్లయి రేఖ కదల్లేదు, రైతులు అదే రేఖ మీద పైకి వెళ్లారు. ఎక్కువ ధరకు ఎక్కువ తెచ్చారు, అంతే. రేఖ మొత్తం కుడికి జరగడమంటే కొత్త వంగడం వచ్చిందనో, ఎరువు చౌక అయిందనో అర్థం. గీసిన చెయ్యి ఈ తేడాను పాటించింది, రాసిన చెయ్యి పాటించలేదు. పటాన్ని జ్ఞాపకం నుంచి దించాడనడానికి ఇంతకంటే స్పష్టమైన గుర్తు దొరకదు. అయితే ‘సప్లయి పరిమాణం’ అనడానికి బదులు ‘సప్లయి’ అని తొందరలో రాసేవారూ ఉంటారు. చుట్టుపక్కల వాక్యాల్లో అర్థం సరిగ్గా ఉంటే ఆ ఒక్క మాటకు మార్కు కొయ్యడం సబబు కాదు.

పది మార్కుల్లో మూడు పటానికి, అయిదు యంత్రాంగానికి, రెండు భారత పరిస్థితికి అన్వయించడానికి కేటాయించారనుకుంటే, ఈ జవాబుకు పటం మార్కులు మూడూ పూర్తిగా ఇవ్వాలి. రాత బాగాలేదన్న కోపంతో సరైన పటానికి కోత పెట్టడం, పటం బాగుందని రాతకు మార్కులు వేసినంత తప్పు. యంత్రాంగానికి ఒకటి దక్కుతుంది: ధరకు రైతులు, కొనుగోలుదారులు వ్యతిరేక దిశల్లో స్పందిస్తారని గుర్తించాడు. అన్వయానికి ఏమీ లేదు. మొత్తం నాలుగు. తొలిచూపులో ఏడు వచ్చేలా కనిపించిన పత్రమిది.

పత్రం అంచున ‘వివరణ చాలదు’ అని రాస్తే విద్యార్థి మరోసారి అవే అయిదు వాక్యాలను పదిగా పెంచి రాస్తాడు. ప్రశ్న వేస్తే పని జరుగుతుంది: ‘ఈ 20 లక్షల క్వింటాళ్లు ఎవరు కొన్నారు? ఎవరూ కొనకపోతే ధర 2,400 దగ్గర ఎందుకు ఆగింది?’ దానికి జవాబు వెతికిన విద్యార్థి ఇలా రాయగలుగుతాడు: ‘మిగులు ధాన్యం ఉన్న రైతులు ధర తగ్గించి అమ్మజూస్తారు. ప్రభుత్వ సంస్థ రూ.2,400కు ఎంతైనా కొంటుందని తెలిస్తే ఏ రైతూ వ్యాపారికి అంతకు తక్కువకు ఇవ్వడు. కాబట్టి వ్యాపారి కూడా అంత పెట్టక తప్పదు. సంస్థ కొనుగోలు ఆపిన రోజు ఈ ధర నిలవదు.’ ఈ నాలుగు వాక్యాలకు యంత్రాంగం మార్కుల్లో నాలుగు ఇవ్వవచ్చు. కొనుగోలు ఖర్చు ఎవరి మీద పడిందో కూడా చేరిస్తే అయిదోది.