పక్షవాతంతో మంచాన పడిన పెద్దాయనకు రాత్రి డ్యూటీ ఎవరిది? నర్సు నడిపే హోమ్‌కేర్ సర్వీసు పనితీరు

మంచానపడిన పెద్దవాళ్లను చూసుకోవడానికి ఇంటికి మనిషిని పంపే సర్వీసులు నగరాల్లో స్థూలంగా రెండు రకాలు. ఒకటి బ్యూరో. ఫోన్ రాగానే ఎవరో ఒకరిని కుదిర్చి పంపుతుంది, కమీషన్ తీసుకుంటుంది, అక్కడితో దాని పని అయిపోతుంది. రెండోది నర్సు నడిపేది. ఆమె ముందు రోగిని చూస్తారు, సహాయకుడికి పని నేర్పుతారు, తర్వాత వచ్చి ఆ పని సరిగా జరుగుతోందో లేదో చూస్తారు. బోర్డు చూసి ఈ తేడా చెప్పలేం. నర్సుకైతే జీఎన్‌ఎం లేదా బీఎస్సీ చదువు, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటాయి. ఆమె పంపే సహాయకుడికి అలాంటి రిజిస్ట్రేషన్ ఉండదు. కాబట్టి అతని పనికి పూచీ ఆమె పర్యవేక్షణే.

హైదరాబాద్‌లో ఒక ఇల్లు అనుకుందాం. పెద్దాయనకు 76 ఏళ్లు, బరువు 65 కిలోలు. పక్షవాతంతో ఎడమ వైపు పడిపోయింది. ముక్కులోంచి ఆహారపు గొట్టం వేసి ఆసుపత్రి నుంచి ఇంటికి పంపారు. కొడుకు అడిగేది ఒక్కటే: "24 గంటల మనిషి కావాలి, నెలకు ఎంత?"

నర్సు ధర చెప్పే ముందు ఇంటికి వెళతారు. ఆయన్ను పక్కకు తిప్పి తుంటి, నడుము కింది ఎముక, మడమలు చూస్తారు. ఒత్తిడి పడిన చోట చర్మం ఎర్రబడి, వేలితో నొక్కి తీసినా తెల్లబడకపోతే పడకపుండు మొదలైనట్టే. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగా కనబడదు. అందుకే ఆ చోటు వేడిగా ఉందా, చుట్టుపక్కల కంటే గట్టిగా లేదా మెత్తగా ఉందా అని చేత్తో తాకి చూడటం సహాయకుడికి నేర్పుతారు. చాలా ఇళ్లలో చేసే పొరపాటు ఆ ఎర్రటి చోట నూనె రాసి మర్దనా చేయడం. దానివల్ల లోపలి కణజాలం ఇంకా దెబ్బతింటుంది.

మామూలుగా ఇలాంటి రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. 24 గంటల డ్యూటీ లెక్క తప్పేది ఇక్కడే. రాత్రి 10 నుంచి ఉదయం 6 లోపు మూడుసార్లు లేవాల్సిన మనిషి పగలంతా కూడా పని చేయగలడా? నాలుగైదు రోజులకు నిద్ర ఆపుకోలేడు. తిప్పడం మానేసినా చార్టు మాత్రం నిండుతుంది. గాలి పరుపు వేస్తే తిప్పే వ్యవధిని నర్సు కొంత పెంచవచ్చు గానీ తిప్పడమే మానేయడానికి వీల్లేదు. అందుకని రెండు 12 గంటల షిఫ్టులు పెట్టుకోమని, లేదంటే రాత్రి ఒకసారి ఇంట్లోవాళ్లే తిప్పమని ఆమె మొదటి రోజే చెప్పేస్తారు. ఆ మాటతో కొన్ని కుటుంబాలు బ్యూరో వైపు వెళ్లిపోతాయి. ఆ నష్టానికి సిద్ధపడాల్సిందే.

తర్వాత గొట్టం. తల వైపు మంచాన్ని 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి, ముక్కు దగ్గర గొట్టం మీది గుర్తు కదల్లేదని చూసి, ద్రవాహారాన్ని నెమ్మదిగా దానంతటదే దిగనివ్వాలి. పోశాక అరగంట నుంచి గంట దాకా పడుకోబెట్టకూడదు. దగ్గు వచ్చినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆపాలి. సహాయకుడి పని అంతవరకే. గొట్టం ఊడివస్తే మళ్లీ వేయడం, ఇంజక్షన్ ఇవ్వడం, ఇన్సులిన్ మోతాదు మార్చడం అతను చేయకూడదు. "పాత మనిషి ఇంజక్షన్ కూడా వేసేవాడు" అని ఇంట్లోవాళ్లు ఒత్తిడి చేస్తారు. అందుకే ఈ హద్దులు రాసిన కాగితం మీద ఇరువైపులా సంతకం పెట్టించుకుంటారు.

మొదటి వారంలో రెండుసార్లు, ఆ తర్వాత వారానికోసారి నర్సు చెప్పకుండా వస్తారు. చార్టులో 12, 2, 4 అని సరిగ్గా గంట కొట్టినట్టు, ఒకే పెన్నుతో, ఒకే దస్తూరీలో ఉంటే అది ఉదయం కూర్చుని రాసిందే. నిజంగా తిప్పిన రాత్రి 12.10, 2.25 అని అస్తవ్యస్తంగా ఉంటుంది. చార్టు ఏం చెప్పినా చివరికి ఆమె నమ్మేది ఒంటినే. దుప్పటి తీసి మడమలు చూస్తారు.

ఈ పద్ధతికి పరిమితి నర్సు సమయమే. ట్రాఫిక్‌లో రోజుకు నాలుగు ఇళ్లకు మించి తిరగలేరు అనుకుంటే, నెలలో 25 పనిదినాలకు 100 సందర్శనలు. కొత్త ఇళ్లకు ఎక్కువసార్లు వెళ్లాలి, సెలవు పెట్టిన సహాయకుడి బదులు వచ్చిన మనిషికి మళ్లీ నేర్పాలి. అవి తీసేస్తే ఒక నర్సు చేతిలో నిలిచేవి సుమారు 20 ఇళ్లు. ఆమె ఒక్కరే 60 ఇళ్లు చూస్తున్నామంటే పర్యవేక్షణ ఫోన్లోనే జరుగుతోందని అర్థం. మడమ కింద మొదలైన గట్టిదనం ఫోన్లో తెలియదు.

ప్రభుత్వ తనిఖీ మీద ఆశ పెట్టుకోవడానికీ లేదు. ఇంటి సంరక్షణ సర్వీసులకు కనీస ప్రమాణాలు పెట్టాలని తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టానికి 2019లో సవరణ బిల్లు తెచ్చారు. అది చట్టం కాకుండానే ఆ లోక్‌సభ గడువు ముగిసింది. కాబట్టి ఆ కొడుకు ధర కంటే ముందు అడగాల్సినవి రెండు: నర్సు రిజిస్ట్రేషన్ నంబరు, ఆమె చేతిలో ఇప్పుడున్న ఇళ్ల సంఖ్య.