పాట కింద దాగిన గొంతు

పని అడుగుతూ ఆ పెళ్లి వీడియోల స్టూడియోకి ఉత్తరం రాయడం అది మూడోసారి. మొదటి రెండూ నేనే చింపేశాను. ‘పదేళ్ల అనుభవం ఉంది, అన్ని సాఫ్ట్‌వేర్లూ వచ్చు’ అని రాస్తే ఏ యజమాని అయినా పక్కన పెట్టేస్తాడు. అలాంటి ఎడిటర్లు రాజమండ్రి దేవీచౌక్‌ చుట్టుపక్కలే బోలెడుమంది. ఆయనకి చూపించాల్సింది ఆయన తీసిన టేపే అనిపించింది.

అది మా పిన్ని పెళ్లి టేపు. 1995లో ముమ్మిడివరం దగ్గర పల్లెలో ఆ స్టూడియో వాళ్లే తీశారు. 1996 నవంబరు 6న తుపాను కోనసీమని ఊడ్చేసినప్పుడు ఇంటి పెంకులు లేచిపోయి, అటక మీది ట్రంకు పెట్టె తడిసింది. ఆ తర్వాత ఆ క్యాసెట్ ఎవరూ చూడలేదు.

క్యాసెట్ కిటికీలోంచి చూస్తే చుట్ట అంచున తెల్లటి పొడి. బూజు. అలాగే వీసీఆర్‌లో పెడితే హెడ్లకి పట్టుకుని, తర్వాత పెట్టిన ప్రతి టేపుకీ అంటుతుంది. చివరి వరకూ వీసీఆర్లు చేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జులైలో ఆపేసింది కాబట్టి ఉన్న మిషన్ పాడు చేసుకోలేం. క్యాసెట్‌ని సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో మూసి రెండు వారాలు ఆరబెట్టాను. ఐదు స్క్రూలూ విప్పి చుట్టల్ని కొత్త పెట్టెలోకి మార్చాను. మాస్కు కట్టుకుని వరండాలో కూర్చుని, నూగు రాలని మెత్తటి గుడ్డ మధ్యగా టేపుని నెమ్మదిగా లాగుతూ ఆ చివరి నుంచి ఈ చివరిదాకా తుడిచాను.

అప్పగింతల దగ్గర సినిమా పాట వస్తోంది. మా వాళ్లందరికీ గుర్తున్నదీ ఆ పాటే. నా డెక్‌లో శబ్దం మీట ‘హైఫై’ వైపు తిప్పగానే పాట ఆగిపోయింది. అమ్మమ్మ మాట్లాడుతోంది.

కారణం ఇది. వీహెచ్‌ఎస్ టేపు అంచున సన్నగా ఒక శబ్దపు ట్రాక్ ఉంటుంది. హైఫై డెక్ మీద రికార్డు చేస్తే అదే శబ్దం బొమ్మ అడుగున ఏటవాలుగా ఇంకోసారి పడుతుంది. ఎడిటింగ్ అయ్యాక ‘ఆడియో డబ్’ నొక్కి పాట ఎక్కిస్తే అంచున ఉన్నదే చెరిగిపోతుంది. అడుగున ఉన్నదాన్ని చెరపాలంటే బొమ్మనీ చెరపాల్సిందే. ఇళ్లలోని మామూలు వీసీఆర్లు అంచు ట్రాక్‌నే చదివేవి కాబట్టి ఇన్నేళ్లూ ఎవరికీ వినపడలేదు. మా ఇంట్లోది ఎడిట్ చేసిన అసలు టేపు కావడం మా అదృష్టం. మగపెళ్లివారికి ఇచ్చిన నకలులో పాటే ఉంది.

ఆ రాత్రే ఉత్తరం పూర్తి చేశాను.

“యజమాని గారికి నమస్కారం. మీరు 1995లో తీసిన పెళ్లిలోంచి 3 నిమిషాలు ఈ పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. ముందు పాటతో, తర్వాత పాట లేకుండా. అది చూశాకే ఈ కాగితం చదవండి.

మీ పాత టేపులు శుభ్రం చేసి, వణికే బొమ్మని నిలబెట్టి, పూర్తి నిడివితో ఒక ఫైలు ఇస్తాను. అందులో కత్తెర పెట్టను. 20 నిమిషాల కొత్త ఎడిటింగ్ వేరే చేస్తాను. నేను చేయలేనివి కూడా చెప్పాలి. పెళ్లికూతురి ముఖం చుట్టూ తిరిగే హార్టు గుర్తులు బొమ్మలో కలిసిపోయాయి, కెమెరాలోని మొదటి టేపు దొరికితే తప్ప తీయలేను. పొర రాలిపోయిన చోట ఏమీ రాదు. ఈ టేపులో ఉండేది దాదాపు 240 గీతల వివరమే, దాన్ని 4కె చేస్తానని చెప్పి ముఖాలు మార్చను. బొమ్మ రాని టేపుకి డబ్బు తీసుకోను. ఆ కుటుంబాన్ని అడగకుండా ఎవరికీ చూపించను.”

మర్నాడు సాయంత్రం ఫోను వచ్చింది. వెళ్లేసరికి స్టూడియో నడుపుతున్న అబ్బాయి పక్కన వాళ్ల నాన్నగారు కూర్చుని ఉన్నారు. ఆ పెళ్లికి కెమెరా పట్టింది ఆయనే. తెర మీద మా అమ్మమ్మ, పాలల్లో ముంచిన పిన్ని చేతులు వియ్యపురాలి చేతుల్లో పెడుతోంది. “దానికి లేవగానే కాఫీ పడాలండీ వదినగారూ, అడగదు, మీరే ఇవ్వాలి” అంటూ గొంతు పూడిపోయింది.

పెద్దాయన ఇంకోసారి పెట్టమన్నారు.

“ఆ పాట నేనే ఎక్కించానండీ. పెద్దావిడ ఏడుపు వినపడితే పెళ్లి క్యాసెట్ బాగోదనుకున్నాను,” అన్నారు.

నాకు ఆయన మీద కోపం రాలేదు. నిజానికి డబ్బింగ్‌కి ముందు పెళ్లి శబ్దాన్ని హైఫై డెక్ మీద రికార్డు చేసింది కూడా ఆయనే.

“మేడ మీద రెండు గోనెసంచులున్నాయి బాబూ. పారేద్దామనుకుంటున్నాం. పట్టుకెళ్లండి.”

మొత్తం 41 టేపులు. ఇప్పటికి 12 శుభ్రం చేశాను. మూడింట్లో పాట కింద అసలు గొంతులు దొరికాయి. మీ అటక మీద అలాంటి క్యాసెట్ ఉంటే దయచేసి వీసీఆర్‌లో పెట్టి చూడకండి. ముందు దాని కిటికీలోంచి తెల్లటి పొడి ఉందేమో చూడండి. బాగుచేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లినప్పుడు, హైఫై శబ్దం కూడా వేరేగా తీయమని అడగండి.