మెచ్యూరిటీ రాబడి: అంచనా, సరళ అంతర్వేశనం

బాండు నుంచి రాబోయే వడ్డీల, అసలు నేటి విలువను మార్కెట్ ధరతో సమానం చేసే రేటే మెచ్యూరిటీ రాబడి. ఆ రేటు ఘాతాల్లో ఇరుక్కుని ఉంటుంది కాబట్టి సాధారణంగా నేరుగా సూత్రంతో తేలదు; అంచనా వేసి సరిచూసుకోవాల్సిందే. 1997లో బెంగళూరు నగరపాలిక, రాష్ట్ర ప్రభుత్వ హామీతో, 13 శాతం వడ్డీకి రూ.125 కోట్ల బాండ్లు జారీ చేసింది. అలాంటి వెయ్యి రూపాయల బాండుకు ఇంకా అయిదేళ్ల గడువుందని, ఏడాదికోసారి వడ్డీ వస్తుందని, ధర రూ.950 అని అనుకుందాం. ధర అసలు కంటే తక్కువ కాబట్టి రాబడి 13 శాతానికి పైనే ఉండాలి. 14 శాతం దగ్గర నేటి విలువ రూ.965.67, 15 దగ్గర రూ.932.96. శాతం పెరిగితే రూ.32.71 తగ్గింది, మనకు తగ్గాల్సింది రూ.15.67. ఈ నిష్పత్తిని 14కు కలిపితే 14.48 శాతం.

ధర, రాబడుల సంబంధం వంపు రేఖ కదా, సరళరేఖను ఎలా నమ్మాలన్న అభ్యంతరం సబబైనదే. వంపు కిందికి కుంగి ఉండటంతో ఈ పద్ధతి రాబడిని కాస్త ఎక్కువ చూపుతుంది. నిజమైన రాబడి 14.47, ఇక్కడ తేడా స్వల్పం. అదే 10, 20 శాతాల మధ్య లెక్కిస్తే 15.07 వస్తుంది, అది పనికిరాదు. అందుకే లోపం పద్ధతిది కాదు, ఎంచుకున్న ఎడానిది. వచ్చిన రేటుతో ధరను మళ్లీ కట్టి చూస్తే తేడా బయటపడుతుంది: 14.48 దగ్గర దాదాపు రూ.949.77, 15.07 దగ్గర రూ.931 లోపే.