బండి కదిలేలోపు

మూడేళ్ల కిందట రేణిగుంట జంక్షన్‌లో జరిగే కథ ఒకటి మొదలుపెట్టాను. కడప వైపు, గూడూరు వైపు, అరక్కోణం వైపు, తిరుపతి వైపు పట్టాలు చీలిపోయే ఆ స్టేషన్లో మునెయ్య అనే కల్పిత పాత్ర టీ క్యాను మోసుకుంటూ తిరుగుతుంటాడు. బండి ఐదు నిమిషాలు ఆగింది. కిటికీ పక్కన పదేళ్ల పిల్ల, ఆమె పక్కన ఒక మగమనిషి. అతను టీ అడుగుతూ ఆ పిల్లను "లక్ష్మీ, నీకూ కావాలా?" అన్నాడు. ఆ పిల్ల తల తిప్పలేదు. ఆ పేరు తనది కానట్టే కూర్చుంది. మునెయ్యకు అనుమానం వచ్చింది. నోరు విప్పాలా, టీ డబ్బులు తీసుకుని పక్క పెట్టెకు పోవాలా?

ఆ ఐదు నిమిషాల్లో మునెయ్య మనసులో ఏం నడిచిందో రెండున్నర పేజీలు రాశాను. పేదరికం, మనిషితనం, తన చిన్నతనం, లోకం తీరు అన్నీ అందులో ఉన్నాయి. మా ఊళ్లో తెలుగు అయ్యవారుగా పనిచేసి రిటైరైన పెద్దాయనకు చూపించాను. ఆయన చదివి కాగితాలు మడిచి ఇచ్చేశాడు. "బండి ఎప్పుడో పొయ్యింది నాయనా. నీవాడు ఇంకా ఆలోచిస్తానే ఉండాడు" అన్నాడు. కాసేపాగి, "సుందరకాండలో ముప్పయ్యో సర్గ చదువు. ఇట్లాంటి మాట మొదట యాడ పుట్టిందో తెలుస్తాది" అన్నాడు.

అట్లా మొదలైంది ఈ వెతుకులాట.

మనసులో మాటకు మన నాటకాల్లో స్వగతం అని పేరు. సంస్కృత నాటకకర్తలు ఆత్మగతం అని కూడా రాశారు. పాత తెలుగు నాటక పుస్తకాల్లో బ్రాకెట్లలో 'స్వగతం', 'తనలో', 'ప్రకాశంగా' అని కనిపించేది ఆ సంప్రదాయమే. ప్రేక్షకులకు వినబడాలి, పక్కనున్న పాత్రకు వినబడకూడదు, ఒప్పందం అంతే. అందుకోసం పక్కనున్న పాత్ర కదలకుండా నిలబడిపోతుంది. నటుడు ఎంతసేపు మాట్లాడినా, పద్యం అందుకుని రాగం ఎంత సాగదీసినా, కథలో కాలం ముందుకు పోదు. రంగస్థలం మీద అది అందంగానే ఉంటుంది. నేను మునెయ్య విషయంలో చేసిన పొరపాటు అదే. స్టేషన్ మొత్తాన్ని బొమ్మలా ఆపేసి అతనిచేత స్వగతం చెప్పించాను.

వాల్మీకి కాలాన్ని ఆపలేదు. ముప్పయ్యో సర్గ దగ్గరికి వచ్చేసరికి హనుమంతుడు అశోకవనంలో శింశుపా వృక్షం మీద ఆకుల చాటున ఉన్నాడు. రాత్రి చివరి జాములో రావణుడు వచ్చి, బెదిరించి, రెండు నెలల గడువు పెట్టి వెళ్లాడు. సీత తన జడతోనే ఉరి వేసుకుందామా అన్నంత దూరం వెళ్లింది. మంచి శకునాలు కనిపించి కొంచెం ఆగింది. చుట్టూ రాక్షసస్త్రీలు. మిగిలిన ఈ కాస్త రాత్రిలోగా ఓదార్చకపోతే ఈమె ప్రాణం విడిచేస్తుందని హనుమంతుడు తనలో అనుకుంటాడు. గడువు మొదట్లోనే వచ్చేసింది. అక్కడినుంచి ప్రతి ఆలోచనా ఆ గడువు కిందే నడుస్తుంది.

ఏం మాట్లాడకుండా వెనక్కి పోతే, సీత ఏమన్నదని రాముడు అడిగినప్పుడు ఏం చెప్పాలి? మాట్లాడితే ఏ భాషలో? పండితుడిలా సంస్కృతం మాట్లాడితే రావణుడే వేషం మార్చుకొచ్చాడని భయపడుతుంది. అసలు కోతి మాట్లాడటమేమిటని కూడా భయపడుతుంది. భయపడితే అరుస్తుంది. అరిస్తే కాపలా రాక్షసస్త్రీలు ఆయుధాలతో వస్తారు. తను కొమ్మ మీంచి కొమ్మకు దూకుతాడు, వాళ్లు ఇంకా చాలామందిని పిలుస్తారు. యుద్ధం వస్తే గెలుపో ఓటమో చెప్పలేం. గెలిచినా అలిసిపోతే నూరు యోజనాల సముద్రం మళ్లీ దాటలేడు. తను పట్టుబడితే ఇక్కడ సీత ఉందన్న కబురు అవతలికి చేరదు. పోనీ మాట్లాడకుండా ఉంటే సీత చచ్చిపోతుంది.

ఆ తూకంలో ధర్మం గొప్పదా, ప్రాణం గొప్పదా లాంటి చర్చ ఎక్కడా లేదు. ఒక అరుపు, ఒక కొమ్మ, ఒక సముద్రం. ఏది చేస్తే దాని వెనక ఏది వస్తుందో కంటికి కనిపించే గొలుసు అది. ఇంకొక సంగతి నన్ను చాలా రోజులు పట్టుకుంది. మాట్లాడాలా వద్దా అని మొదలైన ప్రశ్న, చివరికి వచ్చేసరికి ఎట్లా మాట్లాడాలి అన్న ప్రశ్నగా మారిపోతుంది. రెండు దారులూ మూసుకుపోయినచోట మనసు మూడో దారి కనిపెడుతుంది. సీత బెదరకుండా, ఆమెకు ఇష్టమైన మనిషి కథే మెల్లగా చెప్పాలి. తరువాతి సర్గలో దశరథుడనే రాజు ఉండేవాడని మొదలుపెట్టి రామకథ వినిపిస్తాడు. కొవిడ్ రోజుల్లో తిరుమలలో జరిగిన సుందరకాండ పారాయణం టీవీలో మా ఇంట్లో అందరం విన్నాం. అప్పుడు ఈ సర్గ చెవిన పడే ఉంటుంది. కథ రాసేవాడిగా వినలేదు నేను.

వాల్మీకి హనుమంతుడికి ఆలోచన వరసగా వస్తుంది. ఆయన మంత్రి, మాట తెలిసినవాడు, కాబట్టి ఆ వరస ఆయనకు నప్పుతుంది. టీ అమ్మే మనిషికో, భయపడిన పిల్లవాడికో మనసు అంత క్రమంగా నడవదు. తెగిపోయే ఆలోచనను తెగిపోయినట్టే కాగితం మీద పెట్టడం చాలా తరువాత, 19వ శతాబ్దంలో గట్టిపడింది. 1870ల్లో టాల్‌స్టాయ్ అన్నా కరెనీనాను చివరి రోజున బండిలో కూర్చోబెట్టి వీధుల్లో తిప్పుతూ, దారిలో కనిపించే దుకాణాల బోర్డుల్ని ఆమె బాధలో కలిపేశాడు. 1887లో ఎదువార్ దుజార్దాఁ అనే ఫ్రెంచి రచయిత ఒక చిన్న నవల మొత్తాన్ని ఒక యువకుడి మనసులోంచే నడిపాడు. ఆ పుస్తకాన్ని చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. జేమ్స్ జాయిస్ దాన్ని ఒక రైల్వే స్టేషన్ దుకాణంలో కొన్నానని, తన పద్ధతికి అదే దారి చూపిందని తరువాత చెప్పాడు. ఆయన 'యులిసిస్' 1922లో వచ్చింది.

మన విషయానికి వీటన్నిటికంటే దగ్గరిది వియన్నా రచయిత ఆర్థర్ ష్నిట్‌స్లర్ 1900లో రాసిన 'లెఫ్టినెంట్ గుస్టల్'. కచేరీ అయ్యాక కోట్లు తీసుకునే చోట తోపులాటలో ఒక రొట్టెల వ్యాపారి ఆ సైనికాధికారిని అవమానిస్తాడు. అప్పటి సైనిక మర్యాద ప్రకారం అతను తెల్లవారేలోగా ప్రాణం తీసుకోవాలి. రాత్రంతా అతని మనసే కథ. ఆకలి, ఎప్పటివో ఆడవాళ్లు, తీర్చని బాకీలు, మధ్యమధ్యలో చావు. పొద్దున కాఫీ హోటల్‌కు పోతే ఆ వ్యాపారి రాత్రే ఉన్నట్టుండి పోయాడని తెలుస్తుంది. అవమానం తెలిసినవాడు లేడు, కాబట్టి గుస్టల్‌కు అవమానమూ లేదు. ఆ కథ రాసినందుకు ష్నిట్‌స్లర్ తన రిజర్వు అధికారి హోదా పోగొట్టుకున్నాడు. ఇందులో గడువు నిమిషాలు కాదు, ఒక రాత్రి. అయినా నేను నేర్చుకోవాల్సింది ఒకటి దొరికింది. కీలకమైన నిర్ణయం ముందున్నప్పుడు కూడా మనసు చిల్లర విషయాల్ని వదలదు.

తెలుగులోకి ఈ పద్ధతి చైతన్య స్రవంతి పేరుతో వచ్చింది. 1940ల్లో గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర', బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' మనసును కథకు కేంద్రం చేశాయి. 1969లో నవీన్ 'అంపశయ్య' ఉస్మానియా విద్యార్థి రవి ఒక్క రోజు లోపలి జీవితాన్ని నవలంత చేసింది. రేణిగుంటకు దగ్గర్లోనే, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చెబుతూ వడ్డెర చండీదాస్ 'హిమజ్వాల' రాశాడు. ఇవన్నీ రోజుల్నీ ఏళ్లనీ మోసే మనసులు. నిమిషాల గడువు విషయానికొస్తే నాకు పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' దగ్గర ఆగాలనిపిస్తుంది. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పోటీలో రెండో బహుమతి పొందిన ఆ కథ కూడా రైలు స్టేషన్‌లోనే ముగుస్తుంది. జీవితమంతా నియమాలు కట్టుకుని బతికిన రావుగారు, తుపాను వెలిసిన పొద్దున తనకు రాత్రి తోడున్న బిచ్చగత్తె చచ్చి పడి ఉండటం చూస్తాడు. తన పర్సు ఆమె దగ్గరే ఉంది. జనం వచ్చి చూసేలోగా అతనేం చేస్తాడన్నది కొద్ది మాటల్లో తేలిపోతుంది. అంతకుముందంతా ఆ నిర్ణయం వైపే నడిచింది కాబట్టి పద్మరాజుకు అక్కడ ఎక్కువ మాటలు అక్కర్లేకపోయాయి.

ఇవి చదివాక మళ్లీ మునెయ్య దగ్గరికి వచ్చాను. ముందు గడియారం పెట్టుకుని గట్టిగా చదివాను. నేను నిమిషానికి నూరు, నూటపది పదాలు చదువుతాను. ఐదు నిమిషాల్లో టీ పోయడం, డబ్బులు, చిల్లర పోను అతనికి మిగిలేది అర నిమిషమో నిమిషమో. నూరు పదాల లోపే. రెండున్నర పేజీలు పోయి ఇది మిగిలింది:

"లచ్చిమీ అన్నాడు. తిరగలా. చెవుడేమో. కాదే, పక్క లైన్లో ఇంజను కూత పెడితే ఉలిక్కిపడిందే. యాభై ఇచ్చినాడు, చిల్లర ఇయ్యాల. సొంత బిడ్డే అయితే? నలుగుర్లో కొడతారు. లైసెన్సు పోతాది. పోలీసాయన ఆ కొసాన ఉండాడు, పొయ్యి పిల్చుకోనొచ్చేలోగా... పచ్చ పడె. అరిస్తే బిడ్డని లాక్కోని అవతల పక్క దిగేస్తాడు. ఫోను జేబులోనే ఉండాది, ఏమని చెప్పేది, పేరు పలకలేదనా? ఆ చెప్పులు చూడు, ఆ బిడ్డ కాళ్లకి రెండింతలుండాయి. ఎవురివో. చిల్లర. చిల్లర నిదానంగా ఎంచితే..."

ఆ తర్వాత పైకి అన్నమాట ఒకటే: "నీ పేరేందమ్మా పాపా?"

ఇందులో గడియారం పేరు లేదు. ఇంజను కూత, సిగ్నల్ పచ్చ పడటం, చేతిలో చిల్లర, కాలాన్ని మోసేవి ఈ మూడే. వాటిని తీసేసి చదివితే అవే ఆలోచనలు తీరిగ్గా ఇంటి అరుగు మీద కూర్చున్నవాడివిలా అయిపోతాయి. తీసేసినా ఏమీ తగ్గలేదంటే గడువు కాగితం మీదికి రాలేదన్నమాట. ఫోను మాట కావాలనే పెట్టాను. పిల్లల కోసం 1098, రైల్లో సాయానికి 139 ఉన్నాయని చదివేవాళ్లకు తెలుసు. పాత్రకు అందుబాటులో ఉన్న దారిని పాత్ర తలుచుకోకపోతే, రచయిత దాచిపెట్టాడని పాఠకుడికి వెంటనే తెలిసిపోతుంది. తలుచుకుని, ఎందుకు వెనకాడాడో ఒక్క ముక్క చెబితే చాలు. అరవాలా మానాలా అన్నది చిల్లర ఎట్లా ఎంచాలి అన్నదానికి మారడం మాత్రం శింశుపా చెట్టు మీంచి నేరుగా తెచ్చుకున్నదే.

ఈ పద్ధతికి హద్దు కూడా ఉంది. ఆ కాసిని పదాల్లో మునెయ్య ఎవరో చెప్పలేం. అతను లైసెన్సుకు అంత ఎందుకు భయపడతాడో, బిడ్డ చెప్పులు అతని కంటికే ఎందుకు కనిపించాయో ముందు పేజీల్లోనే నాటి ఉండాలి. మునెయ్యకు చిన్నప్పుడు అన్న చెప్పులు వేసుకుని తిరిగిన జ్ఞాపకం ఒకటి కథ మొదట్లో చేర్చాను. ఆ చోట దాన్ని మళ్లీ గుర్తు చేయలేదు. నా మొదటి ప్రతి చెడిపోవడానికి అసలు కారణం ఇదే. పాత్రను ముందు కట్టకుండా, బండి ఆగిన తరువాత కట్టబోయాను.

ఆ పిల్ల చెప్పిన పేరు లక్ష్మి కాదు. కథ అక్కడితో ఆపేశాను. అయ్యవారు ఈసారి కాగితాలు మడవలేదు, తన దగ్గరే పెట్టుకున్నాడు.

కథ రాస్తున్నవాళ్లెవరైనా ఇలాంటి చోట చిక్కుకుని ఉంటే, ముప్పయ్యో సర్గను తాత్పర్యంతో ఒకసారి చదవండి. భక్తితో చదివేవాళ్లు భక్తితోనే చదవండి. కాకపోతే తెల్లవారడానికి ఇంకెంతసేపుందో చూసుకుంటూ చదవండి.