ఎవరి ముక్క వారే చెప్పాల్సిన పాఠం

చీరాల-పేరాల ఉద్యమం గురించి చదవదలచుకున్న పిల్లలకు వేటపాలెం కన్నా అనువైన ఊరు దొరకదు. ఉద్యమం జరిగిన చోటు పక్కనే ఉంది. 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయం పాత తెలుగు పత్రికల సేకరణకు పేరుమోసింది. దాని భవనానికి 1929లో గాంధీ శంకుస్థాపన చేశారు. అయినా బడిలో ఈ ఉద్యమం ఒక పేరాగ్రాఫుగా వస్తుంది. మాస్టారు చదువుతారు, పిల్లలు గీత గీసుకుంటారు, అంతటితో అయిపోతుంది. ఇదే పాఠాన్ని అయిదు ముక్కలు చేసి పిల్లల చేతే ఒకరికొకరు చెప్పించవచ్చు. జిగ్‌సా పద్ధతి అంటే ఇదే. ఇది ఎక్కడ పుట్టిందో, ఎందుకు మారుతూ వచ్చిందో తెలిస్తే తరగతిలో ఎక్కడ బెడిసికొడుతుందో కూడా తెలుస్తుంది.

పిల్లల చేత పిల్లలకు చెప్పించడం మన వీధిబడులకు పాత అలవాటే. ఆండ్రూ బెల్ 1789లో మద్రాసులోని ఎగ్మూరు అనాథ బాలుర ఆశ్రమానికి బాధ్యత తీసుకున్నాడు. ఇక్కడి బడుల్లో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూసి, తన బడిలో ఆ పని ప్రవేశపెట్టమన్నాడు. ఉపాధ్యాయులు తమ వల్ల కాదన్నారు. అప్పుడు ఫ్రిస్కెన్ అనే చిన్న పిల్లవాడికి ఆ పని అప్పజెప్పాడు. పిల్లవాడు చేసి చూపించాడు. బెల్ 1797లో లండన్‌లో ఈ అనుభవాన్ని అచ్చువేశాడు. అది మద్రాసు పద్ధతి అన్న పేరుతో ఇంగ్లండులో వ్యాపించింది. మద్రాసు గవర్నరు మన్రో కాలంలో జరిగిన విద్యా విచారణకు బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823లో నివేదిక రాశాడు. తెలుగు, కన్నడ బడులున్న ఆ జిల్లాలో పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెబుతూ తమ చదువును గట్టిపరచుకుంటున్నారనీ, ఇంగ్లండు దాన్ని అనుకరించడం సబబేననీ అందులో మెచ్చుకున్నాడు.

అయితే ఇది జిగ్‌సా కాదు. ఇక్కడ చెప్పేవాడికి అంతా తెలుసు, వినేవాడికి ఏమీ తెలియదు. పెద్ద పిల్లవాడు రాకపోతే మరొక పెద్ద పిల్లవాడు ఆ పని చేస్తాడు. చిన్నవాడి వల్ల పెద్దవాడికి కావలసింది ఏదీ ఉండదు. ఆ లెక్కను తలకిందులు చేసినవాడు ఎలియట్ అరాన్సన్.

1971లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం, ఆస్టిన్ నగరం. అంతకు ముందు వేర్వేరు పేటల్లో విడివిడిగా చదివిన తెల్ల, నల్ల, మెక్సికో సంతతి పిల్లలు ఒకే తరగతిలో కూర్చోవాల్సి వచ్చింది. గొడవలు మొదలయ్యాయి. టెక్సాస్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్తగా ఉన్న అరాన్సన్‌ను పిలిపించారు. ఆయన తరగతులు గమనించి, గొడవకు మూలం పోటీలో ఉందన్నాడు. మాస్టారు ప్రశ్న అడిగితే చేతులెత్తుతారు, ఒకరు తడబడితే మిగతావారికి సంతోషం. ఆయన బృందం అయిదో తరగతిలో ఎలినార్ రూజ్వెల్ట్ జీవిత చరిత్రను ముక్కలు చేసి, జట్టులో ఒక్కొక్కరికీ ఒక్కొక్క ముక్క మాత్రమే ఇచ్చింది. మొత్తం కథ ఎవరి దగ్గరా లేదు. పరీక్ష మాత్రం మొత్తం మీద.

అరాన్సన్ రాసిన వాటిలో కార్లోస్ అనే మారుపేరుతో ఒక మెక్సికో సంతతి పిల్లవాడు కనిపిస్తాడు. ఇంగ్లీషు తడబడుతుంటే జట్టువాళ్లు మొదట వెక్కిరించారు. వెక్కిరింపు వల్ల అతని ముక్క తమకు చేరదని తెలిశాక, చిన్న చిన్న ప్రశ్నలతో అతని చేత చెప్పించుకోవడం నేర్చారు. వాళ్ల మనసులు ఒక్కరోజులో మెత్తబడ్డాయని అనుకోనక్కర్లేదు. మార్కుల కోసమే అయినా అతని మాట వినాల్సి వచ్చింది. 1978లో అరాన్సన్, సహచరులు ఈ పద్ధతిని పుస్తకంగా వెలువరించారు.

దీనిలోని లోపం త్వరలోనే బయటపడింది. ఒకడు తన ముక్క తప్పుగా అర్థం చేసుకుంటే జట్టంతా ఆ తప్పే నేర్చుకుంటుంది, సరిచూసుకోవడానికి వారి దగ్గర వేరే పాఠం లేదు. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ స్లావిన్ దీనికి రెండో రూపం ఇచ్చాడు. అందరూ మొత్తం పాఠం చదువుతారు, తర్వాత ఒక్కొక్కరు ఒక్కో అంశంలో లోతుకు వెళతారు, చివరి పరీక్షలో ఎవరి పాత మార్కుతో పోల్చి వారి మెరుగుదలను జట్టు ఖాతాలో వేస్తారు. తప్పు వ్యాపించే ప్రమాదం తగ్గింది. దానితోపాటు ఒకరి మీద ఒకరు ఆధారపడక తప్పని స్థితి కూడా సడలింది, ఎందుకంటే పుస్తకం చేతిలో ఉన్నవాడు పక్కవాడి మాట వినాల్సిన పనిలేదు. నా ఉద్దేశంలో ఈ బేరం ఇప్పటికీ తెగలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో బ్రిటన్ సాయంతో 1980లలో మొదలైన ప్రాథమిక విద్యా పథకం జట్టుపనిని బడుల్లోకి తెచ్చింది. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ గ్రామీణ బడుల్లో చదువు కార్డులతో వేర్వేరు తరగతుల పిల్లలు కలిసి నేర్చుకోవడం కూడా ఆ కాలం నాటిదే. కానీ జట్టుగా కూర్చోబెట్టడం వేరు, ఒక్కొక్కరి చేతిలో ఇతరులకు లేని ముక్క పెట్టడం వేరు. మొదటిది విరివిగా జరుగుతుంది. రెండోది ఎక్కువగా బి.ఎడ్. నోట్సుల్లో కనిపిస్తుంది.

వేటపాలెం తరగతిలో ముప్పైమంది ఉన్నారనుకుందాం. అయిదుగురు చొప్పున ఆరు సొంత జట్లు. పాఠానికి అయిదు ముక్కలు, ఒక్కొక్కటి పేజీకి మించకూడదు. 1919లో చీరాల, పేరాలను కలిపి మున్సిపాలిటీ చేయడం, నేతగాళ్లూ రైతులూ ఉన్న ఊళ్లపై పన్ను అనేక రెట్లు పెరగడం మొదటిది. కౌన్సిలర్ల రాజీనామా, పన్ను నిరాకరణ, జైలుశిక్షలు రెండోది. బెజవాడ కాంగ్రెస్ సమావేశాల తర్వాత 1921 ఏప్రిల్‌లో గాంధీ రావడం, ఆయన చూపిన దారులు మూడోది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో సుమారు 13 వేలమంది ఇళ్లు వదిలి రామనగరం అనే తాత్కాలిక వాడలో పదకొండు నెలలు గడపడం నాలుగోది. దుగ్గిరాల అరెస్టు, నిధుల కొరత, తిరిగి ఇళ్లకు రావడం అయిదోది.

మొదటి పీరియడ్‌లో పది నిమిషాలు ఎవరి పేజీ వారు చదువుకుంటారు. తర్వాత ఒకే ముక్క వచ్చిన ఆరుగురూ నిపుణుల జట్టుగా కూర్చుని, ఏం చెప్పాలో, ఏ ప్రశ్న రావచ్చో తేల్చుకుంటారు. మాస్టారి అసలు పని ఇక్కడే. మూడో ముక్క జట్టు దగ్గర నిలబడి వినాలి. గాంధీ ఊరు వదలమని ఆజ్ఞాపించాడని ఎవరైనా అంటే, ఆయన లొంగకుండా అక్కడే ఎదిరించడం, ఊరు విడిచిపోవడం అనే రెండు దారులు చూపాడనీ, నిర్ణయం ప్రజలదేననీ అప్పుడే సరిదిద్దాలి. వదిలేస్తే రేపు ఆరు జట్లకూ అదే చేరుతుంది. రెండో పీరియడ్‌లో ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు, చివర పదినిమిషాల పరీక్ష. చూసి చదవనివ్వకూడదు, చదివితే వినేవాళ్లు రాసుకుంటారు తప్ప అడగరు.

పరీక్ష కాగితాలు తప్పు ఎక్కడ పుట్టిందో చెబుతాయి. ఒకే జట్టులోని అయిదుగురూ ఒకే ప్రశ్నకు తప్పు రాస్తే, ఆ జట్టు నిపుణుడు తప్పు చెప్పాడు. అన్ని జట్లూ ఒకే తప్పు రాస్తే, నిపుణుల జట్టులోనో పేజీలోనో దోషముంది. ప్రతివాడూ తన ముక్కలో బాగా రాసి మిగతావాటిలో తప్పితే, చదవడం జరిగింది, చెప్పడం జరగలేదు. ఎక్కువగా ఎదురయ్యేది ఈ మూడోదే. ఫ్రాన్సులో పరిశోధకులు 2022లో ప్రచురించిన అయిదు ప్రయోగాల్లో జిగ్‌సా వల్ల చదువు ఫలితాలు స్పష్టంగా మెరుగుపడినట్టు తేలలేదు. కాబట్టి మార్కులు పెరుగుతాయని హామీ ఇచ్చి ఎవరూ దీన్ని అమ్మకూడదు.

ఒక చిక్కు చరిత్ర పాఠానికే ప్రత్యేకం. అయిదో ముక్క నాలుగో దాని మీద ఆధారపడుతుంది. రామనగరం ఏమిటో తెలియని పిల్లవాడు అక్కడినుంచి ఎందుకు తిరిగొచ్చారో చెప్పలేడు. అందుకే ప్రతి పేజీ పైన ముందు కథ రెండు వాక్యాల్లో రాసిపెట్టాలి. మొదటి రోజు వచ్చి రెండో రోజు రాని నిపుణుడి కోసం ఒక పేజీ అదనంగా ఉంచి, మరొక జట్టు నిపుణుణ్ని అరువు తెచ్చుకోవాలి. వీటికి మాస్టారికి సాయంత్రం రెండు గంటలు, పిల్లలకు వరుసగా రెండు రోజుల్లో రెండు పీరియడ్లు కావాలి. ఆ రెండూ దొరకని చోట ఈ పద్ధతి జోలికి పోకుండా పాఠం మామూలుగా చెప్పడమే మేలు.