గోటితో ఒలిచిన కష్టం: తీర్థయాత్రపై ఉన్నత పాఠశాల పఠన–రచనాభ్యాసం

భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన 1965లో వాడుకలోకి వచ్చింది. అంతకుముందు ఖమ్మం వైపు నుంచి వచ్చే భక్తులు అడవి దాటాక కూడా రేవులో పడవ కోసం కాచుకోవాల్సిందే. ఇప్పుడు బస్సు నేరుగా ఊళ్లోకే వెళ్తుంది. అయినా శ్రీరామనవమికి నడిచి వచ్చేవాళ్లున్నారు. కొందరు సీతారాముల కల్యాణానికి గోటి తలంబ్రాలు తెస్తారు. వడ్లు మరకు వేయరు, రోట్లో దంచరు. గింజ గింజా గోటితో ఒలుస్తారు. దారి పెట్టే కష్టం వేరు, భక్తుడు కోరి తెచ్చుకునే కష్టం వేరు. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు తీర్థయాత్ర మీద అభ్యాసం ఇచ్చేటప్పుడు ఈ తేడా నుంచే మొదలుపెట్టాలని ఈ వ్యాసం ప్రతిపాదన.

పక్కన హజ్‌ను పెట్టి చదివిస్తే తేడా ఇంకా పదునెక్కుతుంది. హజ్ మొక్కు కాదు, విధి. జిల్‌హజ్ 9న అరఫాత్ మైదానంలో నిలవకపోతే అది నెరవేరదు. కానీ ఆ విధి స్తోమత, ఆరోగ్యం ఉన్నవారికే. కాలినడకన వెళ్తానని మొక్కుకుని, ఇద్దరు కొడుకుల ఆసరాతో అడుగులేస్తున్న ఒక ముసలాయనను ప్రవక్త వాహనమెక్కమన్నారని హదీసు చెబుతుంది. భద్రాద్రి బాటలో నడకకు విలువ ఉంది. హజ్‌లో శక్తికి మించిన నడక అక్కర్లేదు. రెండూ భక్తే, కష్టానికి ఇచ్చిన చోటు మాత్రం ఒకటి కాదు. మేడారంలో సమ్మక్క–సారలమ్మలకు నిలువెత్తు బంగారం, అంటే మనిషి బరువుకు సరితూగే బెల్లం, సమర్పించే మొక్కును కూడా ఈ ప్రశ్నతో చదివించవచ్చు: ఇక్కడ భక్తుడు ఇస్తున్నది శ్రమా, సొమ్మా?

రాతపని ఒక్క పేరా చాలు. ఇంట్లోనో ఇరుగుపొరుగునో యాత్ర చేసిన ఒక పెద్దమనిషిని విద్యార్థి మూడు సంగతులు అడగాలి: ఎందుకు వెళ్లారు, ఏది కష్టమైంది, ఆ కష్టం తప్పించుకునే వీలుండీ వద్దనుకున్నారా? మూడోదే అసలు ప్రశ్న. చాలామంది పెద్దలు దానికి వెంటనే జవాబు చెప్పరు, ఆలోచిస్తారు. పిల్లలు అక్కడ ఓపిక పట్టాలి.

ఈ అభ్యాసం చెడేది ఒకేచోట. “అన్ని మతాల సారం ఒక్కటే, యాత్ర మనశ్శాంతినిస్తుంది” అని రాసి ముగిస్తారు. మార్కుల కోసం అలవాటైన వాక్యమది. తప్పు పిల్లలది మాత్రమే కాదు. అలాంటి పేరాను పట్టుకోవడం తేలికే. పేరాలో ఊరి పేరు, దేవుడి పేరు వేలితో మూసి చదవాలి. అప్పుడూ అది ఏ యాత్రకైనా సరిపోతుంటే విద్యార్థి ఎవరినీ అడగలేదన్నమాట. “మా తాతమ్మ వడ్లు ఒలుస్తుంటే గోరు చిట్లింది, మరకు వెయ్యమంటే ఒప్పుకోలేదు” అని ఉంటే మాత్రం పేర్లు మూసినా అది గోటి తలంబ్రాల కథేనని తెలిసిపోతుంది. అక్షరదోషాలున్నా ఆ పేరాకే ఎక్కువ మార్కులు వేయాలి.